చిత్రం నిజమే, దాని కింది మాటే అబద్ధం

2018 జూలై 13, శుక్రవారం. హైదరాబాద్‌కు చెందిన కొందరు యువకులు స్నేహితుని ఊరు చూడడానికి కర్ణాటకలోని బీదర్ జిల్లాకు కారులో వెళ్ళారు. వారి వెంట ఖతర్ దేశస్థుడైన బంధువు ఒకరున్నారు. దారిలో ఒకచోట ఆగినప్పుడు బడిపిల్లలు కనిపించారు. తమ దగ్గరున్న విదేశీ చాక్లెట్లు ఆ పిల్లలకు ఇచ్చారు. అంతే జరిగింది. చూసినవారికి మాత్రం అది మరోలా తోచింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠా వచ్చిందన్నారు. మాటా మాటా పెరిగింది. యువకులు కారెక్కి అక్కడినుంచి బయటపడ్డారు.

కారు కంటే ముందు ఒక వీడియో ప్రయాణించింది. వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఆ దృశ్యాలు దారిలో ఉన్న ముర్కీ గ్రామానికి నిమిషాల్లో చేరాయి. కారు అక్కడికి వచ్చేసరికి రోడ్డుకు అడ్డంకి సిద్ధంగా ఉంది. కారు బోల్తా కొట్టింది. గుమిగూడిన జనం చేతికందిన వాటితో కొట్టారు. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ప్రాణాలు కోల్పోయాడు. మిగతావారు తీవ్రంగా గాయపడ్డారు. కాపాడడానికి వచ్చిన పోలీసులకు కూడా దెబ్బలు తగిలాయి. తర్వాత అరెస్టయిన సుమారు ముప్పై మందిలో ఆ వాట్సాప్ గ్రూపు అడ్మిన్ కూడా ఉన్నాడు.

ఆ ఘటనను మనవాడి హత్యగా గుర్తుపెట్టుకున్నాం. దుఃఖించాం, న్యాయం కావాలన్నాం. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ వీడియో గురించి మనం ఆలోచించవలసినంత ఆలోచించలేదు. అందులోని దృశ్యం కల్పితం కాదు. కారు నిజం, మనుషులు నిజం, చాక్లెట్లూ నిజమే. అబద్ధమైనది ఒక్కటే: ఆ దృశ్యానికి తగిలించిన మాట. ఒక్క మాట మారితే పిల్లలకు మిఠాయి ఇచ్చిన అతిథి పిల్లల దొంగ అయ్యాడు.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఈ ఒక్క విషయమే. నకిలీ చిత్రం అనగానే కంప్యూటరులో తల మార్చి అతికించిన బొమ్మ మన కళ్ళ ముందు మెదులుతుంది. అలాంటివి ఉన్నాయి. కాని మన ఇళ్ళలోని ఖాందాన్ గ్రూపుల్లో తిరిగే వాటిలో చాలావరకు ఎక్కడో, ఎప్పుడో నిజంగా తీసిన చిత్రాలే. వాటి ఊరు, తేదీ, సందర్భం ఊడబెరికి కొత్త మాట తగిలిస్తారు. అందుకే బొమ్మను ఎంత తేరిపార చూసినా మోసం పట్టుబడదు. పరీక్షించవలసింది బొమ్మను కాదు, బొమ్మకూ మాటకూ ఉన్న సంబంధాన్ని.

కత్తిరించిన చివరి భాగం

బీదర్ ఘటన ఒక్క రోజులో పుట్టలేదు. అంతకు ముందు కొన్ని నెలలుగా దక్షిణాది రాష్ట్రాల్లో ఒక వీడియో తిరుగుతూ ఉండింది. వీధిలో పిల్లలు ఆడుకుంటుంటారు. మోటారు సైకిలు మీద ఇద్దరు వస్తారు. వెనుక కూర్చున్నవాడు ఒక పిల్లవాణ్ణి ఎత్తుకుంటాడు, బండి వెళ్ళిపోతుంది. కింద రాసిన మాట ఊరూరికీ మారేది. ఎక్కడ తిరిగితే అక్కడి ఊరి పేరు చేరేది.

ఆ వీడియో తీసింది పాకిస్తాన్‌లోని కరాచీలో. తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ తల్లిదండ్రులను హెచ్చరించడానికి తీయించిన ప్రచార చిత్రం అది. అసలు చిత్రంలో బండి తిరిగి వస్తుంది, పిల్లవాణ్ణి క్షేమంగా దింపుతారు, ఆపైన ఒక రాతపలకను కెమెరాకు చూపుతారు. కరాచీ వీధుల్లో పిల్లవాణ్ణి ఎత్తుకుపోవడానికి క్షణం చాలునని, పిల్లలను కనిపెట్టుకుని ఉండమని దాని భావం. మన దేశంలో ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించారు. కొత్తగా చేర్చింది ఏమీ లేదు. తీసివేయడంతోనే హెచ్చరిక కాస్తా నేరమైపోయింది.

అదే కాలంలో వరుసగా పడుకోబెట్టిన పసిపిల్లల మృతదేహాల ఫొటో ఒకటి తిరిగింది. పిల్లల ముఠా చేసిన ఘాతుకమని కింద రాశారు. అది 2013 ఆగస్టులో సిరియాలోని గౌతా ప్రాంతంలో విషవాయు దాడికి బలైన పిల్లల చిత్రం. ఆ పిల్లలు నిజంగానే చనిపోయారు. వారి మరణాన్ని వేరొక దేశంలో, ఐదేళ్ళ తర్వాత, సంబంధం లేని అమాయకుల మీద దాడికి వాడుకున్నారు.

సనద్ లేని వార్త

ఇలాంటివి అపరిచితుల గ్రూపుల కంటే కుటుంబ గ్రూపుల్లో ఎక్కువ బలంగా నాటుకుంటాయి. కారణం సులభంగానే అర్థమవుతుంది. ముక్కూ మొహం తెలియనివాడు పంపితే అనుమానిస్తాం. మామూ పంపితే, ఖాలా పంపితే, జిద్దాలో ఉన్న బావ పంపితే అనుమానించం. వారు మనకు అబద్ధం చెప్పరు. ఆ నమ్మకం సరైనదే. కాని వారు ఆ ఫొటో తీసినవారు కారు. వారికి ఇంకొకరు పంపారు, ఆ ఇంకొకరికి వేరొకరు. మనం మామూను నమ్మి, మామూకు కూడా తెలియని ఒక మొదటి మనిషి మాటను మోసుకు తిరుగుతున్నాం.

ఈ సమస్యకు మన పూర్వీకులు ఏనాడో పద్ధతి కనుగొన్నారు. హదీసు విద్యలో ప్రతి ఉల్లేఖనానికీ రెండు భాగాలుంటాయి. ఒకటి మత్న్, అంటే చెప్పిన విషయం. రెండవది సనద్, అంటే ఎవరి నుంచి ఎవరు విన్నారన్న గొలుసు. విషయం ఎంత అందంగా ఉన్నా గొలుసులో ఒక కడియం తెగితే ముహద్దిస్‌లు దానిని బలహీనమైనదిగా పక్కన పెట్టారు. వార్త వచ్చినప్పుడు నిర్ధారించుకోవాలన్న ఆదేశం ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరాలో ఉన్నది. తెలియక ఒక జనసమూహానికి హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందన్న హెచ్చరిక ఆ ఆదేశంతోనే జతగా ఉన్నది. ఆ కొలబద్దతో చూస్తే ఫార్వర్డ్ అయిన ఫొటోకు మత్న్ మాత్రమే ఉంది, సనద్ లేదు.

ఫోను కూడా ఆ సనద్‌ను చెరిపివేస్తుంది. ఫొటో తీసినప్పుడు తేదీ, కెమెరా వివరాలు, కొన్నిసార్లు స్థలం కూడా ఆ ఫైలులోనే నమోదవుతాయి. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపినప్పుడు అది ఫొటోను కుదించి ఆ వివరాలను తొలగిస్తుంది. అందువల్ల గ్యాలరీలో మనకు కనిపించే తేదీ ఆ ఫొటో తీసిన తేదీ కాదు, మన ఫోనుకు చేరిన తేదీ. నిన్నటి తేదీ ఉంది కాబట్టి నిన్ననే జరిగిందని అనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

సందేశం పైన కనిపించే "Forwarded" అన్న గుర్తుకు కూడా పరిమితమైన అర్థమే ఉంది. పంపినవారు స్వయంగా రాసినది కాదని మాత్రమే అది చెబుతుంది. రెండు బాణాల గుర్తు ఉంటే అది ఐదు లేదా అంతకంటే ఎక్కువ చేతులు మారి వచ్చిందని అర్థం. 2018 దాడుల తర్వాత మన దేశంలో ఒకసారికి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టారు. 2020 ఏప్రిల్ నుంచి రెండు బాణాల సందేశాలను ఒకసారికి ఒక చాట్‌కే పంపగలం. కాని ఎవరైనా ఆ ఫొటోను దాచుకుని కొత్తగా పంపితే గుర్తు మాయమవుతుంది. గుర్తు ఉంటే జాగ్రత్తపడాలి. గుర్తు లేనంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు.

మనవైపు జరిగిన తప్పు

ఇతరులు మన మీద తిప్పే అబద్ధాల గురించి మాత్రమే రాస్తే ఈ వ్యాసం చదవడానికి హాయిగా ఉంటుంది. కాని అది సగం సత్యమే అవుతుంది. మన ఇళ్ళ నుంచి, మన సానుభూతి నుంచి బయలుదేరిన ఒక చిత్రం గురించి చెప్పవలసి ఉంది.

2012 జూన్‌లో బర్మాలోని రఖైన్ రాష్ట్రంలో హింస చెలరేగింది. రోహింగ్యాల ఇళ్ళు తగలబడ్డాయి. ఆ ఏడాది ముగిసేలోగా లక్ష మందికి పైగా నిరాశ్రయులయ్యారు, వారిలో అత్యధికులు రోహింగ్యాలే. ఇది కాదనలేని వాస్తవం. ఆ వేసవిలో మన ఫోన్లకూ ఫేస్‌బుక్ పేజీలకూ ఒక చిత్రం చేరింది. వరుసలు వరుసలుగా మృతదేహాలు, వాటి మధ్య ఎర్రని వస్త్రాలు ధరించిన బౌద్ధ భిక్షువులు. బర్మాలో ముస్లింలను ఊచకోత కోసి భిక్షువులు నిలబడ్డారని కింద రాసి ఉంది. చూసినవారి రక్తం ఉడికింది. వేలమంది పంచుకున్నారు.

ఆ చిత్రం బర్మాది కాదు. 2010 ఏప్రిల్ 14న చైనాలోని చింఘై రాష్ట్రంలో, టిబెటన్లు నివసించే యూషు ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. 2,600 మందికి పైగా మరణించారు. చుట్టుపక్కల మఠాల నుంచి వచ్చిన భిక్షువులు శిథిలాల నుంచి మనుషులను వెలికితీశారు, మృతులకు సామూహిక దహన సంస్కారాలు జరిపించారు. ఫొటోలో ఉన్నది ఆ దృశ్యం. తోటివారి శవాల దగ్గర నిలబడి అంత్యక్రియలు చేస్తున్న మనుషులను మనం హంతకులుగా చూశాం. బర్మా భిక్షువుల వస్త్రాల రంగు కూడా ఇంచుమించు అలాంటిదే కాబట్టి కన్ను సులభంగా మోసపోయింది.

తర్వాత జరిగినది తెలిసిందే. 2012 ఆగస్టు 11న అస్సాం, బర్మా హింసకు నిరసనగా ముంబయి ఆజాద్ మైదానంలో జరిగిన సభ హింసాత్మకంగా మారింది. ఇద్దరు మరణించారు. పోలీసులతో సహా అనేకులు గాయపడ్డారు. వెంటనే మరో పుకారు లేచింది: రంజాన్ ముగిశాక ఈశాన్య రాష్ట్రాలవారి మీద ముస్లింలు దాడి చేస్తారని. బెంగళూరు నుంచి వేలమంది ఈశాన్య యువతీయువకులు రైళ్ళెక్కి సొంత ఊళ్ళకు పారిపోయారు. పుణె, చెన్నై, హైదరాబాద్ నుంచి కూడా వెళ్ళారు. పుకార్లను ఆపడానికి కేంద్ర ప్రభుత్వం ఒకేసారి ఐదుగురికి మించి ఎస్ఎమ్ఎస్‌లు పంపకుండా కొన్నాళ్ళు నిషేధించింది. ఒక్క ఫొటో వల్లనే ఇదంతా జరిగిందని మేము అనడం లేదు. దానికి ఇతర కారణాలు ఉన్నాయి. అయితే ఆ మంటకు కట్టెలు వేసినవాటిలో మనం ఆలోచించకుండా పంపిన చిత్రాలు ఉన్నాయి.

అందరికంటే ఎక్కువ నష్టపోయినవారు రోహింగ్యాలే. బర్మా హింస గురించి ఎవరు మాట్లాడినా, చూపిన ఫొటోలు నకిలీవని తేలింది కదా అన్న జవాబు సిద్ధమైంది. నిజమైన బాధితుల నిజమైన చిత్రాలు కూడా ఆ అనుమానంలో కొట్టుకుపోయాయి. హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు గుడిసెల్లో తలదాచుకున్న రోహింగ్యా కుటుంబాలకు తమ బాధను నిరూపించుకోవడానికి చైనా భూకంపం ఫొటో అవసరం లేదు. మంచి ఉద్దేశంతో చెప్పిన అబద్ధం శత్రువు చెప్పిన అబద్ధం కంటే ఎక్కువ హాని చేయగలదు. ఎందుకంటే అది మన నోటి నుంచి వచ్చినదని తేలిన తర్వాత మన నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

ఇటీవల కంప్యూటరు తయారుచేసిన చిత్రాల విషయంలోనూ ఇదే జరిగింది. 2024 మే నెలలో రఫా మీద దృష్టి నిలపమంటూ కోట్లమంది పంచుకున్న చిత్రం ఫొటో కాదు. క్రమశిక్షణగా పరచిన గుడారాలు, వెనుక మంచు కప్పినట్టున్న పర్వతాలు రఫాలో లేవు. అక్కడి వేదనను స్వయంగా ఫొటో తీసిన పాత్రికేయుల చిత్రాలు ఎన్నో ఉన్నాయి. అవి అంత దూరం ప్రయాణించలేదు.

పంపే ముందు నాలుగు పనులు

మొదటి పని, బొమ్మను మూసి మాటను మాత్రమే చదవడం. బొమ్మ కలిగించే ఆవేశం మాటను ప్రశ్నించనివ్వదు. అందుకే ఫొటోను బొటనవేలితో కప్పి కింద రాసింది చదవాలి. ఏ ఊరు? ఏ రోజు? ఎవరు చెప్పారు? ఈ మూడింటిలో రెండింటికి జవాబు లేకపోతే అది వార్త కాదు. "నిన్న", "మన పక్క జిల్లాలో", "ఏ చానలూ చూపించడం లేదు", "అందరికీ పంపండి" అన్న మాటలు కనిపిస్తే మరింత ఆగాలి. నిన్న అన్న మాట ఎప్పటికీ పాతబడదు. మూడేళ్ళ తర్వాత చదివినా నిన్నగానే ఉంటుంది.

రెండవ పని, బొమ్మలో మనుషులను వదిలి చుట్టుపక్కల చూడడం. బాధితుల ముఖాలు మన కళ్ళను లాగేస్తాయి. కాని ఊరు తెలిసేది అంచుల్లోనే. దుకాణం బోర్డు ఏ భాషలో ఉంది? వాహనం నంబరు ఏ రాష్ట్రానిది? పోలీసుల దుస్తులు మన దేశపువేనా? వాహనాలు రోడ్డుకు ఏ వైపున వెళుతున్నాయి? చలికాలం దుస్తులు వేసుకున్నారా, కింద మే నెల అని రాశారా? అక్షరాలు అద్దంలోలా తిరగబడి ఉంటే ఎవరో వెతుకులాటకు దొరకకుండా ఫొటోను తిప్పారని అనుమానించవచ్చు. వీడియో అయితే ధ్వని కూడా వినాలి. మాట్లాడుతున్న యాస కింద రాసిన ఊరిదేనా అన్నది ఆ ఊరివారికి వెంటనే తెలుస్తుంది.

మూడవ పని, ఫొటో పుట్టుకను వెతకడం. ఇది కష్టమని చాలామంది అనుకుంటారు, కాని రెండు నిమిషాల పని. ఫొటోను ఫోనులో దాచుకుని గూగుల్ యాప్ తెరవండి. వెతికే గడిలో ఉన్న కెమెరా గుర్తు నొక్కి ఆ ఫొటోను ఎంచుకోండి. వచ్చిన ఫలితాల్లో "Exact matches" అన్నది కనిపిస్తే దానిని నొక్కండి. అదే ఫొటో ఉన్న పేజీలు వస్తాయి. వాటిలో అన్నింటికంటే పాత తేదీ ఏదో చూడండి. tineye.com అనే మరో సైటులో ఫలితాలను "Oldest" ప్రకారం అమర్చుకునే వీలుంది. ఫొటో మీద పెద్ద అక్షరాలతో ఏదైనా రాసి ఉంటే ఆ భాగాన్ని కత్తిరించి వెతకడం మంచిది. వీడియో అయితే స్పష్టమైన బోర్డో కట్టడమో కనిపించే చోట ఆపి, స్క్రీన్‌షాట్ తీసి, ఆ బొమ్మను వెతకాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. 2020 ఏప్రిల్‌లో, ఢిల్లీ మర్కజ్ వార్తల వేడిలో, టోపీలు ధరించిన కొందరు ఎంగిలి పళ్ళాలను, చెంచాలను నాకుతున్న వీడియో దేశమంతా తిరిగింది. ముస్లింలు కరోనాను కావాలని అంటిస్తున్నారని దానికి తగిలించిన మాట. చూడగానే రోత పుట్టేలా ఉంది, అందుకే అది వేగంగా పాకింది. దాని నుంచి ఒక బొమ్మ తీసి వెతికినవారికి అదే వీడియో 2018లోనే ఇంటర్నెట్‌లో ఉందని తేలింది. అందులో ఉన్నవారు దావూదీ బోహ్రాలు. పళ్ళెంలో ఒక్క మెతుకు కూడా వృథా కాకూడదన్న తమ ఆచారాన్ని వారు పాటిస్తున్నారు. వాదన అవసరం లేదు, వేదాంతం అవసరం లేదు. ఒక్క తేదీ చాలింది. 2019 చివర బయటపడిన వ్యాధిని 2018లో ఎవరూ అంటించలేరు. ఆ రోజుల్లో కూరగాయలు అమ్ముకునే ముస్లింలను కాలనీల్లోకి రానివ్వని సంఘటనలు మనకు గుర్తున్నాయి. ఆ తేదీని ముందే చూపగలిగిన కొడుకో కూతురో పొరుగింటివారి అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక్కరున్నా ఎంతో మేలు జరిగేది.

ఈ వెతుకులాటకు హద్దులు ఉన్నాయి. పాత తేదీ దొరికితే మాట అబద్ధమని తేలినట్టే. ఏమీ దొరకకపోతే మాత్రం నిజమని తేలినట్టు కాదు. ఈ ఉదయం తీసిన ఫొటో ఇంకా ఎక్కడా చేరి ఉండదు. బీదర్‌లో చాక్లెట్ల వీడియోను ఎవరు వెతికినా ఏమీ దొరికేది కాదు. కంప్యూటరు పుట్టించిన బొమ్మకు కూడా పాత పుట్టుక ఉండదు. అలాంటప్పుడు ఆ ఊరిలో ఉన్నవారిని ఫోనులో అడగడమే మార్గం. హైదరాబాద్ నుంచి పనిచేసే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ వంటి సంస్థలు తెలుగులో నిర్ధారణ కథనాలు ఇస్తున్నాయి. ఫొటోలోని విషయాన్ని రెండు మూడు మాటల్లో రాసి, పక్కన వాటి పేరు చేర్చి వెతికితే ఆ ఫొటో గురించి ఇప్పటికే రాసి ఉంటే దొరుకుతుంది.

నాలుగవ పని అన్నింటికంటే సులభం, అన్నింటికంటే కష్టం కూడా. తేలకపోతే పంపకుండా ఉండడం. పంపకపోతే ఏదో బాధ్యత తప్పినట్టు మనకు అనిపిస్తుంది. తేలని ఫొటోను పంపకపోవడం వల్ల ఎవరికీ హాని జరగదు. రేపు నిజమని తేలితే రేపు పంపవచ్చు.

ఇంట్లో పెద్దలతో ఎలా?

తెలిసీ చెప్పలేకపోవడం మన ఇళ్ళలో అసలు ఇబ్బంది. గ్రూపులో చాచా పెట్టిన ఫొటో అబద్ధమని ఇరవై ఏళ్ళ కుర్రాడు అందరి ముందూ రాస్తే చాచా నొచ్చుకుంటారు. ఫొటో సంగతి పోయి మర్యాద సంగతి వస్తుంది. అందుకే ముందు ఆయనకు విడిగా ఫోన్ చేయాలి. "చాచా, మీరు పంపిన ఫొటో మీకు ఎవరు పంపారు? ఇది నాలుగేళ్ళ కిందటిదని ఇక్కడ కనిపిస్తోంది, ఒకసారి చూస్తారా?" అని అడగాలి. అడగడంలో నింద లేదు. చాలామంది పెద్దలు తామే తీసేస్తారు. "Delete for everyone" అన్న వీలు సుమారు రెండు రోజుల వరకే ఉంటుంది. అప్పటికే ఇతరులు దాచుకున్నవి, ముందుకు పంపినవి దానితో పోవు. కాబట్టి తొలగించడంతో సరిపెట్టకుండా, ఫలానా ఫొటో పాతదని తేలింది, పంపినవారు ఉంటే వారికీ చెప్పండి అని అదే గ్రూపులో చాచాయే రాస్తే మేలు. పొరపాటు ఎంత దూరం వెళ్ళిందో సవరణ కూడా అంత దూరం వెళ్ళాలి.

ఈ పని సాధ్యమేనా అన్నవారికి మన పక్కనే ఒక ఉదాహరణ ఉంది. 2018లో పిల్లల దొంగల పుకార్లు రేగినప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్ళకు గ్రామాలను అప్పగించి పంపారు. వారు ఇంటింటికీ వెళ్ళి వచ్చిన వీడియోల గురించి మాట్లాడారు. డప్పులతో, పాటలతో ఊరిలోనే చెప్పారు. భయం పుట్టిన చోటికే వెళ్ళి, తెలిసిన మనిషి చెప్పినందువల్ల ఆ మాట నిలిచింది. ఇంట్లో ఆ తెలిసిన మనిషి మనమే కావచ్చు.

చట్టం, సాక్ష్యం

కార్యకర్తలకు మరో రెండు మాటలు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో వర్గాల మధ్య శత్రుత్వం రేపడం 196వ సెక్షన్ కింద, అలజడి కలిగించే పుకార్లు వ్యాప్తి చేయడం 353వ సెక్షన్ కింద నేరాలు. నేను తయారు చేయలేదు, వచ్చింది పంపాను అన్న జవాబు రక్షణ కాదు. అయితే 353వ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది. నిజమని నమ్మడానికి తగిన ఆధారం ఉండి, దురుద్దేశం లేకుండా, సద్బుద్ధితో చెప్పిన మాటకు అది వర్తించదు. పంపే ముందు వెతికి చూసుకున్నవారికి ఆ ఆధారం ఉన్నదని చెప్పుకునే వీలుంటుంది. ఏమీ చూడకుండా పంపినవారికి ఉండదు. కేసు పెట్టడంలో అందరికీ ఒకే న్యాయం జరుగుతోందా అన్న ప్రశ్న వేరు. ఆ ప్రశ్నను గట్టిగా అడగాలంటే మన చేతులు శుభ్రంగా ఉండాలి.

ఇక నిజంగా దాడి జరిగి, దాని ఫొటో మన చేతికి వచ్చినప్పుడు ఏం చేయాలి? గ్రూపులకు పంపడం దానికి రక్షణ కాదు. పంపిన కొద్దీ బొమ్మ మసకబారుతుంది, వివరాలు చెరిగిపోతాయి, కోర్టులో బలహీనపడుతుంది. తీసిన ఫోనులోని అసలు ఫైలును చెరపకుండా ఉంచాలి. తీసినవారి పేరు, తేదీ, గంట, స్థలం కాగితం మీద రాసి పెట్టుకోవాలి. న్యాయవాదికి పంపవలసి వస్తే వాట్సాప్‌లో ఫొటోగా కాక "Document"గా పంపితే ఫైలు కుదించకుండా, ఉన్నది ఉన్నట్టుగా చేరుతుంది. బాధితుల ముఖాలను, ముఖ్యంగా స్త్రీలను, పిల్లలను, వారి అనుమతి లేకుండా ఊరంతా తిప్పరాదు. వారికి జరిగిన అవమానాన్ని మనం మళ్ళీ మళ్ళీ జరిపించడమే అవుతుంది. ఇలా పదిలపరచిన ఒక్క ఫొటో వెయ్యి ఫార్వర్డుల కంటే బాధితుడికి ఎక్కువ పనికివస్తుంది.

ముర్కీలో రోడ్డుకు అడ్డం నిలబడ్డవారిలో చాలామంది ఆ ఉదయం ఎవరినీ చంపాలని నిద్ర లేచి ఉండరు. తమ పిల్లలకు ఆపద వచ్చిందని నమ్మారు. ఫోనులో కళ్ళారా చూశామనుకున్నారు. వారికీ మనకూ మధ్య ఉన్న తేడా మనం అనుకున్నంత పెద్దది కాదు. 2012లో భూకంప మృతుల ఫొటో చూసి మనమూ కళ్ళారా చూశామనే అనుకున్నాం. ఆ శుక్రవారం ఆ గ్రూపులో ఒక్కరైనా, ఈ కారులో ఉన్నది ఎవరు, ఈ మాట ఎవరు చెప్పారు అని అడిగి ఉంటే, ఆ యువకుడు ఆ రాత్రి హైదరాబాద్‌లోని తన ఇంటికి తిరిగి వచ్చేవాడేమో.